రాజురాలో రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టవలసిందే

ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న మా రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. వార్ధా నది దాటితే బల్లార్షా, ఇటు అడవి దాటితే ఆసిఫాబాద్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుకుంటూ బతికే మాకు మే నెల అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పగలు నలభై ఐదు డిగ్రీలు దాటడం మామూలు విషయం. రాత్రి ఎనిమిది గంటలకు కూడా గోడలు వేడిని వదులుతూనే ఉంటాయి. మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్‌లో మద్యనిషేధం వచ్చి 2021 దాకా సాగింది. ఆ ఆరేళ్లలో ఇక్కడ చాటుగా తాగినవాళ్లు ఎంత త్వరగా సీసా ఖాళీ చేద్దామా అని చూశారే తప్ప, అది ఎంత చల్లగా ఉందో ఆలోచించే తీరిక వాళ్లకు లేదు. దుకాణాలు మళ్లీ తెరుచుకున్న తరువాత నాసిక్ వైన్ సీసాలు మా ఇళ్లలోకి కూడా వస్తున్నాయి. వాటితో పాటు ఒక సలహా కూడా వస్తోంది. ఈ వ్యాసం ఆ సలహా మీద నాకున్న అభ్యంతరం.

గత మే నెలలో మా బావమరిది నాగపూర్ నుంచి షిరాజ్ అనే నాసిక్ రెడ్ వైన్ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. నేను దాన్ని ఫ్రిజ్ వైపు తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "రెడ్‌ను ఫ్రిజ్‌ల పెడుతరా బావా ఎక్కడన్న? అది రూమ్ టెంపరేచర్‌లనే తాగాలె" అన్నాడు. కూలర్ ఆడుతున్న ఆ గదిలో అప్పుడు ముప్ఫై ఒకటి ఉంది. పక్క గదిలో బల్ల మీద పెట్టిన సీసా మాత్రం ముప్ఫై ఆరు దగ్గర ఉంది. అతిథి మాట కాదనలేక అలాగే పోశాను. గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోగానే మొదట సారా ఘాటు కొట్టింది, ఆ తరువాత ఉడికించిన జామ్ వాసన, చివర్లో గొంతులో మంట. అతను సగం తాగి, నాసిక్ వైన్ ఇంతేనని తీర్పు చెప్పాడు. తప్పు నాసిక్‌ది కాదు, ఆ గదిది.

"గది ఉష్ణోగ్రత" అనే మాట పుట్టింది ఐరోపాలో. నేలమాళిగలో పది, పన్నెండు డిగ్రీల దగ్గర దాచిన సీసాను భోజనానికి కొంత ముందు పైకి తెచ్చి, భోజనాల గదిలో ఉంచేవారు. ఫ్రెంచివారు ఈ పనికి షాంబ్రే అనే క్రియాపదమే వాడతారు, అంటే గదికి అలవాటు చేయడం. ఇంటినంతా ఒకే తీరున వేడిచేసే ఏర్పాట్లు రాకముందు ఆ గదులు పదహారు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉండేవి. అంటే ఆ సలహాలోని "గది" మన గది కాదు, చలిదేశపు రాతి ఇల్లు. సలహా అక్షరం వదిలేసి అర్థం పట్టుకుంటే, మా ఊళ్లో చేయవలసింది సరిగ్గా దానికి తలకిందులైన పని. వాళ్లు చల్లటి సీసాను కొంచెం వేడెక్కించేవారు, మనం వేడెక్కిన సీసాను కొంచెం చల్లబరచాలి. రెండు దారులూ చేరే చోటు ఒక్కటే. షిరాజ్, కాబర్నే వంటి బరువైన రెడ్ వైన్లకు పదహారు నుంచి పద్దెనిమిది, తేలికపాటి రెడ్ వైన్లకు పన్నెండు నుంచి పద్నాలుగు డిగ్రీలు.

ఈ అంకెలు ఎవరో పెద్దమనుషులు గీసిన మర్యాద గీతలు కావు. వైన్‌లో ఉన్న ఆల్కహాల్ ఎంత వేగంగా ఆవిరవుతుందో ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. ఇరవై డిగ్రీల నుంచి ముప్ఫై ఐదుకు వెళ్లేసరికి దాని ఆవిరి పీడనం రెట్టింపు దాటుతుంది. గ్లాసు పైన ఉన్న గాలి నిండా ఆ ఆవిరే ఉంటే, పండు వాసనా మిరియపు వాసనా దాని వెనక దాక్కుంటాయి. మా బావమరిది మొదటి గుక్కలో పట్టుకున్నది ఆ ఆవిరినే. అలాగని ఐదు డిగ్రీలకు దింపితే మరో చిక్కు. చలి పరిమళాన్ని అణిచేస్తుంది, తీపిని తగ్గిస్తుంది, ద్రాక్ష తొక్క నుంచి వచ్చిన వగరును మాత్రం పైకి తెస్తుంది. ఐదు డిగ్రీల షిరాజ్ తాగితే పచ్చి మామిడి టెంక కొరికినట్టు నాలుక బిగుసుకుపోతుంది. అందువల్ల రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదనే మాటలో సగం నిజం ఉంది. పెట్టకూడనిది రాత్రంతా, పెట్టవలసింది కొంతసేపు.

ఆ కొంతసేపు ఎంత అన్నది తేల్చుకోవడానికి నేను వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. ముందు మా ఫ్రిజ్‌నే కొలిచాను, ఎందుకంటే లోపల ఉన్న డయల్ మీది అంకెలు డిగ్రీలు కావు. అవి చలి తీవ్రతకు వేసిన మెట్లు మాత్రమే. గాలిని కొలిస్తే తలుపు తీయగానే అంకె మారిపోతుంది కాబట్టి, గ్లాసులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, ఉదయం ఆ నీళ్లను కొలవాలి. మాది ఒకే తలుపున్న పాత ఫ్రిజ్. ఫ్రీజర్ కిందనే ఉన్న ట్రేలో రెండు డిగ్రీలు, నడిమి అరలో ఐదు, తలుపులో తొమ్మిది, అడుగున ఉన్న కూరగాయల డబ్బాలో పది వచ్చాయి. అంటే ఒకే పెట్టెలో ఎనిమిది డిగ్రీల తేడా. చాలామంది సీసా ఎక్కడ పడితే అక్కడ పెట్టి, ఫ్రిజ్ అంటే ఒకే చలి అనుకుంటారు. తప్పులన్నిటికీ మొదలు ఇక్కడే ఉంది.

తరువాత ఒక ఖాళీ వైన్ సీసాలో నీళ్లు నింపి, ముప్ఫై ఆరు డిగ్రీల నుంచి నడిమి అరలో పెట్టి, గంటకోసారి కొలిచాను. గంట తరువాత ఇరవై మూడు, రెండు గంటలకు పదిహేను, మూడు గంటలకు పదకొండు. మొదటి గంటలో పదమూడు డిగ్రీలు దిగిన సీసా మూడో గంటలో నాలుగే దిగింది. చుట్టూ ఉన్న చలికీ సీసాకూ మధ్య తేడా తగ్గేకొద్దీ వేడి బయటికి పోయే వేగం కూడా తగ్గుతుంది. ఇంకో ఇంట్లో ఇంకో ఫ్రిజ్‌లో ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, ముఖ్యంగా లోపల ఫ్యాన్ ఉన్న ఫ్రిజ్‌లలో పని త్వరగా అవుతుంది. కానీ ఎండాకాలంలో బల్ల మీద ఉన్న రెడ్ వైన్‌కు నడిమి అరలో సుమారు రెండు గంటలు అన్న లెక్క నాకు ఇంతవరకు తప్పలేదు. అంత ముందుచూపు లేనివాళ్లకు కూరగాయల డబ్బా మేలు. సొరకాయ పక్కన సీసా పడుకోబెట్టి మరిచిపోయినా పది డిగ్రీల కిందికి పోదు. భోజనానికి అరగంట ముందు బయటికి తీస్తే పదిహేను, పదహారు దగ్గరకు వస్తుంది. మా ఆవిడ దీన్ని ఒప్పుకోవడానికి మాత్రం అరగంట కన్నా ఎక్కువే పట్టింది.

అతిథులు గుమ్మంలో ఉన్నప్పుడు రెండు గంటలు ఆగలేం. అప్పుడు చాలామంది సీసాను ఫ్రీజర్‌లో పెడతారు. అంతకన్నా వేగంగా పనిచేసేది బకెట్ నీళ్లు, ఐసు. వట్టి ఐసు వేస్తే ముక్కల కొసలు మాత్రమే సీసాను తాకుతాయి, మిగతా చోట గాలే ఉంటుంది. నీళ్లు కలిపితే సీసా చుట్టూ మెడ వరకు సున్నా డిగ్రీల ద్రవం అంటుకుంటుంది. అలా పెడితే ముప్ఫై ఆరు నుంచి పదహారుకు పది, పన్నెండు నిమిషాల్లో దిగుతుంది. కానీ మా ఊళ్లో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ముప్ఫై ఎనిమిది డిగ్రీలకు తక్కువ ఉండవు. రెండున్నర లీటర్ల ట్యాంకు నీళ్లను సున్నాకు దింపడానికే ఒక కిలో రెండు వందల గ్రాముల ఐసు కరిగిపోతుంది. సీసాను పదహారుకు దింపడానికి కావలసినది మాత్రం రెండు వందల గ్రాముల పైచిలుకే. మొదటిసారి నేను ఇంట్లో ఉన్న ఐసంతా ట్యాంకు నీళ్లకే సమర్పించుకుని, గోరువెచ్చని బకెట్లో మునిగిన సీసాను చూస్తూ కూర్చున్నాను. అప్పటి నుంచి బకెట్లోకి రంజన్ కుండలోని నీళ్లు, లేదా ఫ్రిజ్‌లోని తాగునీళ్లు పోస్తున్నాను. గుప్పెడు ఉప్పు వేస్తే నీళ్లు సున్నా కన్నా కిందికి దిగి పని ఇంకా వేగంగా అవుతుంది. అయితే రెడ్ వైన్‌కు అంత వేగం అక్కరలేదు, కళ్లు మూసి తెరిచేలోగా గీత దాటిపోతుంది.

సీసా పదహారుకు వచ్చిందని థర్మామీటర్ చూసి సంతోషించినవాడు, దాన్ని బల్ల మీద పెట్టగానే రెండో పరుగు మొదలవుతుందని మరిచిపోతాడు. నిజానికి లెక్కలోకి వచ్చేది ఫ్రిజ్ వదిలిన క్షణంలోని ఉష్ణోగ్రత కాదు, పెదవిని తాకినప్పటిది. కూలర్ ఆడుతున్న ముప్ఫై ఒక డిగ్రీల గదిలో సీసా ఆరేడు నిమిషాలకు ఒక డిగ్రీ ఎక్కుతుంది. గ్లాసులో ఉన్న కొద్దిపాటి వైన్ అంతకన్నా వేగంగా, చేతివేడి కూడా తోడై, మూడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ ఎక్కుతుంది. గ్లాసు నిండా పోసుకుని అరగంట కబుర్లు చెప్పుకునేవాళ్లు రెండో సగాన్ని ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీల దగ్గర తాగుతున్నట్టే. అందుకే పుస్తకాల్లో చెప్పిన అంకె కన్నా రెండు డిగ్రీలు తక్కువగా బల్ల మీదికి తేవాలని, గ్లాసులో మూడో వంతుకు మించి పోయకూడదని నా వాదన. ఐరోపా శీతాకాలంలో వైన్ గ్లాసులో వేడెక్కడం సుఖమైన విషయం, మా దగ్గర అది గడియారంతో పందెం.

బల్ల మీద సీసాకు మా ప్రాంతంలో తడిగుడ్డ చాలా బాగా పనిచేస్తుంది. మా ఎండ పొడిది. రంజన్ పైన చెమ్మ ఎలా ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుందో, సీసాకు చుట్టిన తడి నూలుగుడ్డ కూడా అలాగే పనిచేస్తుంది. కానీ దానికీ హద్దు ఉంది. ఆ ఆవిరి చలి మహా అయితే ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, కాబట్టి వేడి సీసాను పదహారుకు దింపలేదు. ఇప్పటికే చల్లబడిన సీసా పైకి ఎక్కే వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది. వానలు మొదలై గాలిలో చెమ్మ పెరిగాక ఈ ఉపాయం పనికిరాదు. సముద్రానికి దగ్గరగా ఉండే బరంపురం తెలుగువారికి మే నెలలో కూడా ఇది అంతగా అచ్చిరాదు.

వైట్ వైన్ విషయంలో మనవాళ్లు చేసే తప్పు దీనికి ఎదురుదిక్కుది. దాన్ని ఎంత చల్లగా తాగితే అంత గొప్ప అనుకుంటారు. నాసిక్‌లో విరివిగా చేసే షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ వంటి తేలికపాటి వైన్లకు ఏడు నుంచి పది డిగ్రీలు సరిపోతుంది. ఓక్ పీపాలో ఉంచిన షార్డొనే వంటి బరువైనదానికి పది నుంచి పదమూడు కావాలి. ఫ్రీజర్ కింది ట్రేలో రాత్రంతా ఉన్న సీసా రెండు డిగ్రీలతో గ్లాసులోకి వస్తే నాలుకకు తెలిసేది పులుపూ చలీ మాత్రమే. ఆ స్థితిలో ఖరీదైన సీసాకూ చవక సీసాకూ తేడా కనిపించదు. చవక సీసా కొన్న రోజు నేను కూడా ఈ సంగతిని వాడుకుంటాను, దాచడం ఎందుకు. ఒక వైట్ వైన్ మరీ చల్లగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి థర్మామీటర్ అవసరం లేదు. మొదటి గుక్కలో ఏ వాసనా లేక, పది నిమిషాల తరువాత అదే గ్లాసులో జామకాయో నిమ్మతొక్కో వాసన తేలితే, ఆ పది నిమిషాలూ తొందరపడి తాగినట్టే.

స్పార్క్లింగ్ వైన్‌కు ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు. ఇక్కడ ఉష్ణోగ్రత రుచికి సంబంధించింది మాత్రమే కాదు, భద్రతకు కూడా సంబంధించింది. షాంపేన్ పద్ధతిలో చేసిన సీసా లోపల ఇరవై డిగ్రీల దగ్గరే బయటి గాలి పీడనానికి ఐదారు రెట్ల పీడనం ఉంటుంది. వాయువు చల్లటి ద్రవంలో ఎక్కువగా కరుగుతుంది, వేడి ద్రవంలో నిలవదు. సున్నా డిగ్రీల నీళ్లలో కరిగే కార్బన్ డయాక్సైడ్ ఇరవై డిగ్రీల నీళ్లలో దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల మా ఊరి మే నెలలో చల్లబరచని సీసా తీగ విప్పడమంటే బిరడాను ఎదుటివాడి కంటికి గురిపెట్టడమే. ఐసు బకెట్లో మెడ వరకు ముంచి ముప్పావు గంట ఉంచి, గుడ్డ కప్పి, బిరడాను పట్టుకుని సీసాను తిప్పుతూ తీయాలి. మెడ బయట వెచ్చగా మిగిలిపోతే, తెరిచిన వెంటనే ఆ పై భాగమే పొంగి బల్ల మీదికి వస్తుంది. పొంగిపోయిన ప్రతి బుడగా గ్లాసులో ఉండవలసిందే.

బీరు విషయంలో సలహా చెబితే వినేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఇక్కడ అందరూ తమకు తెలుసనుకుంటారు. మన దగ్గర ఎక్కువగా దొరికే లాగర్‌కు నాలుగు నుంచి ఏడు డిగ్రీలు, గోధుమ బీరుకు కొంచెం పైన, పుణే బొంబాయి వైపు తయారయ్యే ఏల్, స్టౌట్ రకాలకు ఎనిమిది నుంచి పదమూడు. వేసవిలో లాగర్ చల్లగా కోరుకోవడంలో తప్పేమీ లేదు, తప్పంతా దాన్ని అక్కడికి చేర్చే దారిలో ఉంది. ఐదు శాతం ఆల్కహాల్ ఉన్న బీరు సున్నాకు రెండు, మూడు డిగ్రీల కింద గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఫ్రీజర్ మైనస్ పద్దెనిమిది. వెచ్చటి పెద్ద సీసా ఫ్రీజర్‌లో గంటన్నర లోపు నాలుగు డిగ్రీలకు వస్తుంది. అక్కడి నుంచి గడ్డ కట్టడం మొదలవడానికి ఇంకో అరగంట చాలు. ఆ అరగంటలో ఒక ఫోన్ వచ్చినా, క్రికెట్లో చివరి రెండు ఓవర్లు మిగిలినా సీసా పగిలిపోతుంది, ఎందుకంటే నీళ్లు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తాయి. నా పెళ్లయిన కొత్తలో ఇలాగే రాత్రి పదకొండు గంటలకు టార్చి పట్టుకుని ఫ్రీజర్‌లోంచి గాజుముక్కలు ఏరాను. ఒక్కోసారి సీసా పగలదు, లోపల బీరు కూడా ద్రవంగానే కనిపిస్తుంది. మూత తీయగానే కళ్లముందే తెల్లటి గుజ్జుగా మారిపోతుంది. గడ్డకట్టే హద్దు దాటినా గడ్డకట్టడానికి ఆధారం దొరకక నిలిచిన బీరుకు, మూత తీసినప్పుడు పుట్టిన బుడగలే ఆ ఆధారం అవుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, గుజ్జు కరిగేసరికి అందులోని గ్యాసు చాలావరకు వెళ్లిపోయి, చప్పటి బీరు మిగులుతుంది.

గ్లాసులను ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించడం మరో వేడుక. ఆ మంచు పొర కరుకు అంచుల మీద నురుగు విపరీతంగా పొంగుతుంది, కరిగిన మంచు బీరును పలచన చేస్తుంది, ఫ్రీజర్‌లో ఉన్న చేపల వాసన కూడా గ్లాసుతో పాటు బల్ల మీదికి వస్తుంది. చన్నీళ్లతో కడిగి తడిగానే పోసుకున్న గ్లాసు దీనికన్నా మేలు. ఇక ఒకసారి చల్లబడిన బీరు మళ్లీ వేడెక్కితే చెడిపోతుందన్న నమ్మకం ఉంది. కరెంటు పోయి సాయంత్రానికి వెచ్చబడిన సీసాలను పారబోసినవాళ్లను కూడా చూశాను. ఒకటి రెండుసార్లు చల్లబడి వేడెక్కినంత మాత్రాన బీరు పాడవదు. దాన్ని చెడగొట్టేది వారాల తరబడి నలభై డిగ్రీల గోదాములో ఉండటం, ఎండ తగలడం. ఆకుపచ్చ సీసాలకు ఎండ మరీ శత్రువు, గంటలోపే స్కంక్ అనే జంతువు వదిలే కంపు వంటి వాసన పట్టేస్తుంది.

వైన్‌కు కూడా అలాంటి వేడి దెబ్బ తగలవచ్చు. ఇరవై నుంచి నలభై డిగ్రీలకు వేడెక్కిన సీసాలో వైన్ సుమారు ఆరు మిల్లీలీటర్లు వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపలైతే నలభై అన్నది చిన్న అంకె. బిరడా అంచు సీసా మూతి కన్నా పైకి లేచి ఉన్నా, రేకు కింద జిగురుగా తగిలినా, ఆ సీసా ఎక్కడో ఉడికిందని అర్థం. అలాంటిదాన్ని ఎంత జాగ్రత్తగా పదహారుకు దింపినా పండు వాసన తిరిగి రాదు. మా బావమరిది తెచ్చిన సీసాకు మరమూత ఉండటం వల్ల ఈ ఆనవాలు కనిపించలేదు. నాగపూర్ నుంచి వచ్చే దారిలో కారులో ఎంతసేపు ఉందని అడిగితే, తాడోబా దగ్గర టీ తాగామని మాత్రం చెప్పాడు.

వేడికి భయపడి నెలల తరబడి ఫ్రిజ్ తలుపులో నిలబెట్టడం కూడా నేను చేసిన తప్పే. తలుపు తీసిన ప్రతిసారీ ఊగుతుంది, వెచ్చబడుతుంది, ఫ్రిజ్‌లోని పొడిగాలికి బిరడా ఎండి కుంచించుకుపోతుంది. ఒకటి రెండు వారాలకు ఫరవాలేదు. ఏడాది దాచాలనుకుంటే మా ఊళ్లో సాధారణ ఫ్రిజ్ సరైన చోటు కాదు, అలమారా అంతకన్నా కాదు. అంత దాచే ఓపిక ఉన్నవారు డిసెంబరులో కొని ఫిబ్రవరిలోగా తాగేయడం మేలు. దానికి తోడు తెరిచిన రెడ్ వైన్‌ను మూత పెట్టి అలమారాలో ఉంచే అలవాటు ఒకటుంది. ముప్ఫై ఆరు డిగ్రీల వేడిలో అది మర్నాటికే పులుపెక్కుతుంది, ఫ్రిజ్‌లో అయితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

ఈ మధ్య ఒక వైట్ వైన్ సీసా అడుగున గాజు పొడిలా మెరిసే ముక్కలు కనిపించి, పొరుగింటాయన దాన్ని నా దగ్గరకు తెచ్చి, దుకాణంవాడి మీద ఫిర్యాదు చేద్దామన్నాడు. ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య నలిపాను, సులువుగా చితికింది. నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంది. అది ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లపు లవణం, ఎక్కువ చలికి కరిగి ఉండలేక పలుకులుగా కిందికి దిగింది. ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉందని అడిగాను. దీపావళి నుంచి, ఫ్రీజర్ కింది ట్రేలో అన్నాడు. సీసాను కాసేపు నిలబెట్టి, పలుకులు కదలకుండా పైనుంచి వంచి పోశాను. పది నిమిషాలు ఆగమని చెప్పాను కానీ ఆయన ఆగలేదు.